అంతస్తుల పట్టికలో నా చెయ్యి

ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పి, సాయంత్రాలు మూఢనమ్మకాల మీద సభల్లో వాదించి, రిటైరయ్యాక నరసరావుపేటలో ఒక ఇంజనీరు గారి ఆఫీసులో రిపోర్టులు దిద్దే పనికి కుదిరాను. అక్కడ మొదటి వారంలోనే నాకు చిర్రెత్తింది. ఒకే రిపోర్టులో భవనం అంతస్తును ఒక పేజీలో storey అనీ, మరో పేజీలో story అనీ రాస్తున్నారు. రోడ్డంచున వేసే రాయి ఒకచోట kerb, ఒకచోట curb. ఎందుకిలా అంటే, “ఎప్పట్నించో ఇట్టాగే రాస్తున్నాం మాస్టారూ” అన్నారు. ఎప్పటినుంచో అనే మాట ఎక్కడ విన్నా నేను ఊరుకోను. మన దేశపు నిర్మాణ నియమాల కోడ్ పుస్తకాల్లో storey, kerb అనే ఉన్నాయి. మిగతా రెండూ అమెరికా పద్ధతి. కాబట్టి మనవే వాడాలని ఒక కాగితం రాసి గోడకు అంటించాను.

ఆ ఆఫీసులో ఒక అమ్మాయి ఉండేది. రాజుపాలెంలో ట్రాక్టర్లు బాగుచేసే మెకానిక్ కూతురు. సివిల్ చదివి రెండేళ్ళుగా ఇతరుల పేరుతో వెళ్ళే రిపోర్టులకు లెక్కలు చేస్తోంది. గ్రౌండ్ ఫ్లోర్, పైన మూడు అంతస్తులు ఉండే ఒక ఆస్పత్రి రిపోర్టు మొదటిసారి ఆమె పేరుతో వెళ్ళబోతోంది. దాన్ని ఇంజనీరింగ్ కాలేజీ ప్రొఫెసర్ పరీక్షించి సరేనంటే, తర్వాతి పనులూ ఆమెవే.

ఆ ఫైలు నా దగ్గరకు వచ్చింది. story ఉన్నచోటల్లా storey, curb ఉన్నచోటల్లా kerb పెట్టమని కంప్యూటరుకు ఒకే ఆజ్ఞ ఇచ్చాను. క్షణంలో అయిపోయింది. ఎంత శుభ్రంగా ఉందో అని మురిసిపోయి, ఆమెకు మళ్ళీ చూపించకుండానే ప్రొఫెసర్‌కు పంపించేశాను.

నాలుగో రోజు ప్రొఫెసర్ ఫోన్ చేశాడు. మా ఇంజనీరు స్పీకర్ పెట్టాడు.

“మీ అమ్మాయి పట్టికలు సాఫ్ట్‌వేర్ ఇచ్చినవేనా, చేత్తో కొట్టినవా? మీరు పంపిన భవనం కంప్యూటర్ మోడల్ తెరిస్తే అంతస్తుల పేర్లు Story1, Story2 అని ఉన్నాయి. పట్టికలో ఇంకో రకంగా ఉన్నాయి. పేరు మార్చినవాళ్ళు అంకెలు మార్చలేదని నేనెట్టా నమ్మాలి?”

భూకంపం వస్తే ఏ అంతస్తు ఎంత పక్కకు జరుగుతుందో చెప్పే పట్టిక అది. దాన్ని మార్చారంటే, ఆ అమ్మాయి నిజాయితీనే అనుమానించినట్టు. ఇంజనీరు ఆమె వైపు చూశాడు. “ఏందమ్మా ఇది?”

ఆమె నా వైపు చూడలేదు. చూసుంటే బాగుండేది.

“మార్చింది నేనండీ” అన్నాను.

“మాస్టారు మార్చింది అక్షరం సార్. అంకెలు నావి” అంది ఆమె, నేరుగా ఫోనుతోనే. “రేపు పొద్దున ల్యాప్‌టాప్ తీసుకొని వస్తా. మీ ముందే మోడల్ నడిపి పట్టికలు తీస్తా. ఒక్క అంకె తేడా వచ్చినా నా పేరు కొట్టేయండి.”

మర్నాడు నేనూ వెళ్ళాను. ప్రొఫెసర్ గదిలో ఆమె మోడల్ నడిపింది. అంకెకు అంకె సరిపోయింది. అయినా ఆమె లేవలేదు. పట్టికల్లో పాత పేర్లే తిరిగి పెట్టి, రిపోర్టు మొదటి పేజీలో ఒక గమనిక చేర్చింది: పట్టికల్లో ఉన్న Story అనేది సాఫ్ట్‌వేర్ పెట్టిన పేరు, దాన్ని అలాగే ఉంచాం, Story1 అంటే గ్రౌండ్ ఫ్లోర్, దాని పైకప్పే మొదటి అంతస్తు నేల, Story4 పైకప్పు మిద్దె, మా రాతలో మాత్రం storey.

ప్రొఫెసర్ గమనిక చదివి, తర్వాత పేజీలు తిప్పుతూ పెద్దగా నవ్వాడు. “ఇదేంది మాస్టారూ? దుమ్మును curb చేయడానికి, అంటే అణచడానికి, నీళ్ళు చల్లాలి అనేచోట kerb పడింది. దుమ్మును రోడ్డంచు రాయి చేయడానికి అని ఉంది!”

నేను తలవంచుకున్నాను. జనం కారణం అడక్కుండా ఆచారాన్ని పాటిస్తారని ఎన్ని సభల్లో గొంతు చించుకున్నానో! నా గోడకాగితాన్ని నేనే అలా పాటించాను. ఒకరి లెక్క ఫలితాన్ని అక్షరమైనా తాకకూడదని, ఆ మెకానిక్ కూతురు నాకంటే బాగా తెలుసుకుంది. ఇది చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. చానా గర్వంగా ఉంది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అడిగాను: “నిన్న నేను ఒప్పుకునేదాకా నా పేరు ఎందుకు చెప్పలేదమ్మా?”

“చెప్తే ప్రొఫెసర్ మాట మీదే నమ్మేస్తాడు గదా మాస్టారూ. నేను నమ్మించక్కర్లే, లెక్క నమ్మించాలి.”

రిపోర్టు ఆమె పేరుతోనే ఆమోదం పొందింది. తర్వాతి రిపోర్టు నాకు పంపినప్పుడు కింద రాసింది: “మాస్టారూ, ఈసారి పట్టికలు బొమ్మలుగా పెట్టా. మీ చేతికి అందవు. మిగతాదంతా మీరు ఎంతైనా దిద్దండి.”

గోడమీది కాగితం ఇంకా ఉంది. అడుగున ఆమె చేతిరాతలో ఒక వాక్యం చేరింది: సాఫ్ట్‌వేర్ ఇచ్చిన పట్టికలు తప్ప.