కదలని తొమ్మిది నిమిషాలు

మా మరిది దోహాలో ఇంజనీరింగ్ చదువుతూ మాతోనే ఉండేవాడు. అల్ వుకైర్‌లో మా బిల్డింగ్ ముందునుంచి వెస్ట్ బే హోటళ్ళకు పనివాళ్ళను తీసుకెళ్ళే బస్సుకు వేళంటూ ఉండేది కాదు. డ్రైవర్ ఫోన్ ద్వారా బస్సు ఎక్కడుందో తెలుసుకుని, ఎన్ని నిమిషాల్లో వస్తుందో చూపే యాప్ మరిది చేశాడు. ఫోన్‌లో లింకు నొక్కితే చాలు, తెరుచుకునేది. మా ఇంట్లో నాలుగు ఫోన్లలో చక్కగా పనిచేసింది.

ఎదురు ఫ్లాట్ అక్కది గోదావరి వైపు. హోటల్లో గదులు సర్దే పని. బస్సు తప్పి అప్పటికి రెండుసార్లు ఆలస్యమైంది. మూడోసారైతే ఉద్యోగం ఉండదని చెప్పేశారు. ఆ యాప్ కోసం మాలో అందరికంటే ఎక్కువ ఎదురుచూసింది ఆవిడే.

మొదటి రోజు తెల్లవారగానే బిల్డింగంతా యాప్‌ను ఒక్కసారే తెరిచింది. ప్రతి ఫోనూ సెకనుకోసారి బస్సెక్కడని అడుగుతుంటే సర్వర్ కూలబడింది. జవాబు రాకపోతే ఏం చేయాలో యాప్‌కు నేర్పలేదు. అందరి తెరలూ తెల్లబోయాయి.

"ఇంజనీరు సాబ్, బస్సు మాఫీ, యాప్ భీ మాఫీ!" అని బిల్డింగ్ వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారు. ఇక్కడి అరబ్బీలో మాఫీ అంటే 'లేదు' అని. నవ్వు బొమ్మలు వరసకట్టాయి.

మా ఆయన షూ లేసు కట్టుకుంటూ, "గీ సదువుకేనారా ఫీజు కట్టేది?" అన్నాడు.

మరిది ముఖం మాడిపోయింది. లాప్‌టాప్ ముందు కూర్చుని పావుగంటలో ఏదో మార్చాడు. "వదినా, ఇగ తెల్లగ కాదు. జవాబు రాకున్నా పాత నంబరే కనపడ్తది. అందరికీ చెప్పు."

తలుపు తీసేసరికి అక్క చెప్పులు వేసుకుంటోంది. "అమ్మాయ్, తొమ్మిది నిమిషాలు అంటోంది. దిగనా?"

"ఇప్పుడే బాగుచేసిండు అక్కా. గీ ఉక్కలో ఎందుకు నిలబడుడు? లోపల కూసో."

ఆవిడ మా సోఫాలో కూర్చుని మా బాబును ఎత్తుకుంది. సర్వర్ మళ్ళీ పడిపోయింది. తెర మీద తొమ్మిది అలాగే ఉంది. నాకే అనుమానం వచ్చి కిటికీలోంచి చూస్తే బస్సు అప్పటికే మా బిల్డింగ్ దాటి వీధి మలుపు తిరుగుతోంది.

అక్క టాక్సీలో వెళ్ళింది. మధ్యాహ్నానికే తిరిగొచ్చింది. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

వారంలో మరిది అంతా సరిచేశాడు. ఫోన్లు ఇరవై సెకన్లకోసారి మాత్రమే అడుగుతాయి. రెండు నిమిషాలుగా కొత్త సమాచారం లేకపోతే అంకె చెరిగిపోయి 'సమయం తెలియదు, స్టాపు దగ్గర ఉండండి' అని వస్తుంది. అది చూపించడానికి అక్క దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ సూట్‌కేసు సర్దుకుంటోంది.

"ఏ బస్సెక్కమంటావు బాబూ?" అందట.

కాలేజీలో చెప్పడానికి తయారుచేసిన స్లయిడ్లు నాకు చూపించాడు. 'నేర్చుకున్న పాఠాలు' అన్నచోట ఒక వాక్యం: 'పాత సమయం చూపడం వల్ల ఒక యూజర్‌కు బస్సు తప్పిపోయింది.'

"సరిగ్గనే ఉన్నదా వదినా?"

ఆమెను కూర్చోబెట్టింది నేనని అందులో లేదు. "సరిగ్గనే ఉన్నది," అన్నాను.