మూడు పొయ్యిల ఇల్లు

ఆ కోపం నాలో ఇప్పటికీ చల్లారలేదు. అందులో సగం సర్కారు కచేరీ మీద, తక్కినది నా మీద.

రెండువేల సంవత్సరంలో, జనాభా లెక్కలకు ముందుగా ఇళ్ల జాబితా రాసే పనికి ఉపాధ్యాయులను నియమించారు. నగరం అంచున సారం అనే పేట దాటిన తరువాత మురుగుకాలువ గట్టున, పొరంబోకు నేల మీద వెలసిన గుడిసెల వాడ నా వంతుకు వచ్చింది. అక్కడివారిలో ఎక్కువమంది తరాలుగా స్థిరపడిన తెలుగువారు. వీధులూడ్చేవారు, ఇళ్లలో పాచిపనికి పోయేవారు. నియమం స్పష్టంగానే ఉంది. ఒక వంట కలిసి తినేవారు ఒక కుటుంబం. ఒకే కప్పు కింద మూడు వంటలు సాగితే మూడు కుటుంబాలు. రేషను కార్డుతో నిమిత్తం లేదు. అక్కడ నివసించేవారినందరినీ లెక్కించాలి. శిక్షణలో విన్న ఈ మాటలు నాకు కంఠస్థమే.

మొదటి గుడిసె ముందు ఒక వృద్ధురాలు కూర్చుని ఉంది. ఎన్ని కుటుంబాలని అడిగాను.

"ఏంది వాద్యారయ్యా, అట్లా అడగతా ఉండారు? ముగ్గురు కొడుకులకీ పెండ్లిండ్లయినా ఇల్లు యాడ ఇడిపోయింది? ఒగటే పొయ్యి!"

తడిక వెనుక నుండి చిన్నకోడలు అందుకుంది. "ఒగటే పొయ్యంట! ఆ కుండ యాడుందో నాకూ రవ్వంత చూపియ్యత్తా, ఆకలైతా ఉండాది."

"నోరు మూయవే! వచ్చినాయన ముందర మానం తీస్తావా?"

తడిక మీదుగా మూడు చోట్ల లేస్తున్న పొగ నాకు కనబడుతూనే ఉంది. అయినా ఉమ్మడి కాపురాన్ని జీవితమంతా తరగతిలో కీర్తించినవాణ్ని కనుక, ఆ ముసలామె మాట నాకు ముచ్చటగొలిపింది. ఆమె పరువు కాపాడుతున్నానన్న భ్రమతో ఒకే కుటుంబమని రాశాను. ఆమె నా చేతికిచ్చిన రేషను కార్డు చూసి ఐదుగురని వేశాను. కోడళ్లు, పిల్లలు, వారితోనే తింటూ వెనుక పంచలో అద్దెకున్న దంపతులు ఆ కార్డులో లేరు. ప్రతి గడపలోనూ అదే మాట, అదే కార్డు. పనికి పోతూ తాళం వేసిన గుడిసెలకు మరొకసారి వెళ్లవలసి ఉండగా, ఎండకు జడిసి ఖాళీ అని రాశాను.

కొన్ని నెలల తరువాత ఆ చిన్నకోడలు మా ఇల్లు వెదుక్కుంటూ వచ్చింది.

"మా వాడ మురికివాడల జాబితాలో ల్యేదంట వాద్యారయ్యా. పక్కవాడలో ఆడోళ్లకి కక్కూసులు కడతా ఉండారు, మాకు ల్యేదన్నారు. తెల్లారకముందే, మళ్లీ పొద్దుగూకినాక కాలవగట్టుకి పోతా ఉండాము. నాకిప్పుడు ఆరో నెల. జారి పడితే ఎవురు దిక్కు?"

వెంటనే కచేరీకి వెళ్లాను. అక్కడి గుమాస్తా కూడా తెలుగింటివాడే, వినయంగానే పొడిచాడు. "అరవై డెబ్బై కుటుంబాలో, మూడువందల జనమో ఒక్కచోట ఉంటేనే మురికివాడగా గుర్తించేది అయ్యా. ఇక్కడ నలభైయొక్క కుటుంబాలే, జనమూ చాలరు. సంతకం తమరిదే గదా?"

ఆ సాయంత్రమే వాడకు పోయి, ఇరుగుపొరుగు మూగుతుండగా ముసలామెకు చెప్పాను. "నీ మాట విని నేను తప్పు రాశానమ్మా. ఉన్నదున్నట్టు చెబితేనే మరుగుదొడ్లు వస్తాయి."

ఆమె తడిక వైపు చెయ్యి చూపింది. "రాసుకోండి సామీ. మూడు పొయ్యిలు. పెద్దోడు పోయినేడే యేరుపడ్నాడు."

"మాకు తెలీదా యేంది? పొగ కనబడదా?" అని పొరుగామె అనగా అందరూ నవ్వారు. ముసలామె కొంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆమె చెప్పిన తరువాత తక్కినవారూ దాచలేదు. డెబ్బైమూడు కుటుంబాలు తేలాయి. జనం మూడువందలు ఎప్పుడో దాటారు.

మరునాడు ఆ కాగితం అధికారి ముందుంచాను. ఆయన తల ఎత్తలేదు. "మురికివాడల జాబితా పైకి పోయింది. లెక్కకు విడదీసిన బ్లాకుల హద్దులు ఖాయమైపోయాయి. ఫిబ్రవరి జనాభా లెక్కలో అందరినీ రాసుకోండి, వద్దన్నదెవరు? కాకపోతే మామూలు వీధిగానే."

"మనుషులున్నారు, వాళ్లుండే వాడ మాత్రం లేదా?" అని అరిచాను. కచేరీలో గొంతెత్తడం నా జన్మలో అదే మొదలు.

"కాగితంలో లేదు సార్. కాగితం తమరు రాసిందే."

తప్పు రాయడానికి నాకొక్క పూట చాలింది. దిద్దడానికి మాత్రం ఆ కచేరీలో చోటు లేదు. నిండు వాడను మామూలు వీధిగా మార్చి, నగరంలో మురికివాడల జనం ఇంతేనని అచ్చువేసుకునే లెక్క ఎవరి కొరకు? పంపులూ దీపాలూ పంచేవారు రేపు చూసేదీ ఆ అచ్చునే.

ఫిబ్రవరిలో మళ్లీ వెళ్లాను. గుమ్మంలో నిండు గర్భంతో చిన్నకోడలు నిలబడింది. జరిగింది దాచకుండా చెప్పాను.

"మా అత్త పరువూ పాయె, కక్కూసూ రాల్యా. ఇంగ మీ పుస్తకంలో ఎంతమందిమని రాసుకుంటే మాకేంది?"

ఆ ఇంటికి మూడు కుటుంబాలని రాశాను. అప్పటికి పొద్దు గూకింది. ఆమె నీళ్లచెంబు అందుకుని, తడిక పట్టుకుని మెల్లగా దిగి, కాలువగట్టు వైపు నడిచింది.