ఒక గల్లీకి ఒకే నంబరు

1978 అక్టోబరు 17, మంగళవారం. హాజరైనవారు: మా డివిజన్ ఇంజినీరు, హెడాఫీసు నుంచి వచ్చిన అకౌంట్స్ అధికారి, లైన్ మేస్త్రీ, ఫిర్యాదుల కిటికీ దగ్గర కూర్చునే రోజుకూలీ గుమాస్తా, ఆ సెక్షన్ సూపరింటెండెంటునైన నేను.

డైరీలో ఆ పేజీ పైన ఇంతే ఉంది. కింద విషయం అని రాసి, ‘అదనపు పోస్టుల సమర్థన నోట్, మూడోసారి’ అని అండర్‌లైన్ చేసుకున్నాను.

మాది పాతబస్తీలో కరెంటు ఫిర్యాదులు తీసుకునే ఆఫీసు. పురానాపూల్ వైపు నుంచి యాకుత్‌పురా దాకా ఎవరింట్లో దీపం పోయినా మా దగ్గరికే రావాలి. ఒక టెలిఫోను, ఒక కిటికీ, మూడు షిఫ్టులు, ముగ్గురు గుమాస్తాలు. వారానికి ఇరవై ఒక్క షిఫ్టులు. మనిషికి ఆరు రోజుల పని అంటే ముగ్గురూ కలిసి పద్దెనిమిదే చేయగలరు. మిగిలిన మూడు షిఫ్టులూ ఎవరో ఒకరు తమ వారపు సెలవు వదులుకుని చేయవలసిందే. అది కాక టెలిఫోను ఎత్తినవాడు కిటికీ చూడలేడు. అందుకే నాలుగేళ్లుగా కిటికీ దగ్గర ఒక రోజుకూలీ మనిషిని కూర్చోబెట్టుకున్నాం. సంతోష్‌నగర్‌లో ఉండేవాడు, క్రైస్తవుడు, ముగ్గురు పిల్లలు. తెలుగు, ఉర్దూ రెండూ చదివేవాడు. ఏ గల్లీ ఏ స్తంభం కిందికి వస్తుందో నోటికి చెప్పేవాడు. అతని రోజుకూలీ అనుమతి ఆ నెలాఖరుతో ముగుస్తుంది, ఇక పొడిగించేది లేదని ఉత్తరం వచ్చింది. పోస్టులు మంజూరైతే మొదటిది అతనికే అని ఇంజినీరుగారు మాట ఇచ్చి ఉన్నారు. మంజూరు కాకపోతే నవంబరు ఒకటిన అతను ఇంట్లో ఉంటాడు.

రెండు పోస్టులు అడుగుతూ నేను రాసిన నోట్ రెండుసార్లు వెనక్కి వచ్చింది. మరుసటి ఉదయం బడ్జెట్ అంచనాల కట్ట హెడాఫీసుకు పోతుంది. ఆ తర్వాత మళ్లీ ఏడాది ఆగాలి.

అకౌంట్స్ అధికారి కోస్తా నుంచి వచ్చిన మనిషి. సన్నగా, తెల్ల చొక్కా, జేబులో రెండు కలాలు. కుర్చీలో కూర్చుంటూనే మా ఫిర్యాదుల రిజిస్టరు తెరిచారు.

“సెప్టెంబరులో మొత్తం వెయ్యీ నలభై ఆరు ఫిర్యాదు నంబర్లు. రోజుకు ముప్పై అయిదు. షిఫ్టుకు మనిషికి ముప్పై అన్నది నిబంధన. మీ ముగ్గురూ తొంభై చూడగలరు. ముప్పై అయిదే చూస్తున్నారు. ఈ లెక్కన నేను ఇక్కణ్ణుంచి ఒకణ్ణి తీసేయాలండీ, ఇవ్వడం కాదు.”

ఇంజినీరుగారు నా వంక చూశారు. కిటికీ ముందు పొద్దంతా లొల్లి, టెలిఫోను ఆగదు, రిజిస్టరు చూస్తే ముప్పై అయిదు. రెండూ నిజమే. ఎలాగో నాకే అర్థం కాలేదు.

రిజిస్టరు తెచ్చి అక్కడే నిలబడిన రోజుకూలీ గుమాస్తా గొంతు సవరించుకున్నాడు.

“సార్, నేనొక మాట చెప్పొచ్చా? గా నంబరు ఇంటికి కాదు సార్. గల్లీకి.”

“అంటే?” అన్నారు అధికారి.

“ఇక్కడ ఇంటికొకలు రారు సార్. ఆఫీసుకు ఒక్కలొస్తే గల్లీ మొత్తం చెప్పి పంపిస్తరు. నా ఇంట్ల పోయింది, పక్కింట్ల పోయింది, మూలమీద హోటల్ల ఫ్యూజు పోయింది, గిట్ల పది చెప్తరు. పదీ చిట్టీల రాసి మేస్త్రీకిస్త. రిజిస్టర్ల మాత్రం ఒకటే నంబరు. పెద్దసార్ రూలది.”

పెద్దసార్ అంటే నేను.

ఆ రూలు నాదే. నాలుగేళ్ల కింద రిజిస్టర్లకు ఇండెంటు పెడితే అడిగినన్ని రాలేదు. పుట తర్వాత పుట ఒకే గల్లీ పేరుతో నిండడం నాకు చూడబుద్ధి కాలేదు. ‘ఒక గల్లీ, ఒక రోజు, ఒక నంబరు’ అని రాసి గోడకు అంటించాను. రిజిస్టరు ఎంత శుభ్రంగా ఉండేదంటే పక్క డివిజన్ల నుంచి చూసి పోయేవారు. అదే శుభ్రత నా మనుషుల పనిని మూడోవంతు చేసి చూపించింది.

“చిట్టీలు ఉన్నాయా?” అన్నారు అధికారి.

“పని కాంగనే చింపేస్తం,” అన్నాడు మేస్త్రీ. “నా బుక్కులున్నయి సార్. ఇంటింటికి ఫ్యూజేసినంక ఇంటోల్లతోని దస్కతు తీసుకుంటం. లేకపోతే మీ ఆడిటోల్లు ఫ్యూజు వైరు ఎటు పోయిందని మా గల్లా పట్టుకుంటరు.”

“ఆడిటు వాళ్లం మంచిపనే చేశామన్నమాట,” అన్నారు అధికారి నవ్వకుండా.

ఫ్యూజులు వేసే మూడు ముఠాల పుస్తకాలూ వచ్చాయి. చేతి చెమటకు, మసికి అట్టలు నల్లబడి ఉన్నాయి. పుటకు ఇరవై వరుసలు. మధ్యాహ్నం పన్నెండున్నరకు మొదలుపెట్టాం. మేస్త్రీ పుటలు తిప్పాడు, గుమాస్తా సంతకాలు లెక్కపెట్టాడు, నేను తేదీవారీగా వేసుకుంటూ పోయాను. తెలుగు సంతకాలు, ఉర్దూ సంతకాలు, వేలిముద్రలు. అన్నం డబ్బాలు తెరవలేదు. మూడు గంటలకు కూడిక వేశాను. సెప్టెంబరులో మూడువేల అయిదువందల ముప్పై ఎనిమిది ఇళ్లు. రోజుకు నూటపద్దెనిమిది.

ఇంజినీరుగారు నన్ను తన గదిలోకి పిలిచి, తలుపు దగ్గరగా వేసి మెల్లగా అన్నారు: “అంకె బాగానే ఉందండీ. కానీ రిజిస్టరు ఎందుకు తక్కువ చూపించిందో రాయాలి కదా. తప్పు మీదని రాస్తే మిమ్మల్ని సంజాయిషీ అడుగుతారు. రిటైర్‌మెంటుకు ఎన్నేళ్లుంది మీకు?”

“తొమ్మిదేండ్లు సార్.”

“ఏదో గుమాస్తాల అలవాటు అని రాద్దాం.”

“గుమాస్తాల అలవాటు అంటే వాళ్ల మీద పడ్తది సార్. రూలు నేను పెట్టిన. నేనే రాస్త.”

నోట్‌లో మూడో పేరా అలా వచ్చింది: ‘ఈ పద్ధతి నా ఆదేశం వల్ల మొదలైంది. ఇది గల్లీల సంఖ్యను చూపుతుంది గాని, సేవ పొందిన వినియోగదారుల సంఖ్యను చూపదు. ఈ పొరపాటు నాది.’ చేతి రాతతో రాసి సంతకం పెట్టి అధికారి ముందుంచాను.

ఆయన రెండుసార్లు చదివారు. మేస్త్రీ పుస్తకంలో ఒక పుట ఊరికే తెరిచి, “ఈ గల్లీ ఎంత దూరం?” అన్నారు.

“పది నిమిషాలు సార్,” అన్నాడు గుమాస్తా.

“పదండి. ఈ సంతకాల్లో అయిదింటిని చూస్తాను.”

ఇంజినీరుగారు ఆఫీసులోనే ఉన్నారు, మిగిలిన నలుగురం నడిచి వెళ్లాం. మొదటి ఇంటి తలుపు ఒక పెద్దావిడ తీసింది. గుమాస్తా సలాం చెప్పి ఉర్దూలో అడిగాడు: పోయిన నెల మావాళ్లు వచ్చారా, ఈ వేలిముద్ర మీదేనా అని.

“హౌ భాయ్, ఆయే థే,” అంది. తర్వాత అధికారిని పైనుంచి కిందికి చూసి, మాకు అర్థం కావాలని తెలుగులోకి మారింది. “అచ్చిండ్రు, ఏసిండ్రు. మల్ల ఇప్పుడెందుకచ్చిండ్రు? తీసుకపోతరా ఏంది?”

మేస్త్రీ గోడ వైపు తిరిగి నవ్వు ఆపుకున్నాడు. రెండో ఇల్లు, మూడో ఇల్లు, మూలమీద హోటలు. హోటల్ యజమాని సంతకం చూసి తనదేనన్నాడు. చాయ్ తాగకుండా పోనివ్వనన్నాడు. అయిదో ఇంటికి తాళం ఉంది. పక్కింటాయన బయటికి వచ్చి, “గా దినం ఆఫీసుకు పోయింది నేనే. మా ఏడిండ్లకు చెప్పొచ్చిన. ఒకటే నంబరిచ్చిండ్రు,” అని జేబులోంచి మడతలు పడ్డ కాగితం తీసి చూపించాడు. ఎందుకు దాచుకున్నావని అడిగితే, మళ్లీ పోతే అదే నంబరు చెప్పొచ్చని అన్నాడు.

అధికారి ఆ కాగితం తిప్పి చూసి తిరిగి ఇచ్చేశారు. ఆఫీసుకు వచ్చాక కుర్చీ లాక్కుని నా నోట్ వెనక పెన్సిలుతో లెక్క మొదలుపెట్టారు. నూటపద్దెనిమిదిని ముప్పైతో భాగిస్తే రోజూ నలుగురు పనిలో ఉండాలి. వారానికి ఇరవై ఎనిమిది షిఫ్టులు. మనిషికి ఆరు చొప్పున అయిదుగురు.

“సెలవులకు బదులు మనిషి ఏడీ?” అన్నారు.

“పెట్టలేదు సార్. ఎక్కువ అడిగితే రెండు కూడ రావని.”

“నిబంధనలో ఉన్నది అడగకపోవడం కూడా తప్పేనండీ. నా సంతకం కింద తప్పు లెక్క పోదు.” రెండు అన్న అంకె కొట్టేసి పైన మూడు అని వేశారు. పక్కన తన పొట్టి సంతకం. “అయిదుకు ఒకటి కలిపితే ఆరు. ఉన్నది ముగ్గురు. కావలసింది ముగ్గురు. నా సిఫారసుతో టైపు చేయించండి, పొద్దున వచ్చి సంతకం పెడతాను.”

మేస్త్రీ గట్టిగా ఊపిరి వదిలాడు. గుమాస్తా మాత్రం రిజిస్టరు అట్ట మీద వేలితో గీతలు గీస్తూ అడిగాడు: “సార్, నెలాఖరు సంగతేంది?”

అందరం ఆ ప్రశ్న మరిచిపోయాం. మంజూరు వచ్చేది మార్చి తర్వాతే. అధికారి, పోస్టు సిఫారసులో ఉన్నప్పుడు ఆ పని ఆపితే సేవకు అంతరాయం కలుగుతుందని కారణం చూపి, మంజూరు దాకా రోజుకూలీ కొనసాగించమని ఇంజినీరు అడగవచ్చని, దానికి తాను అడ్డు చెప్పనని అన్నారు. ఆ కాగితం కూడా టైపు చేయించమన్నారు. మూడు పోస్టులూ ఏప్రిల్‌లో మంజూరయ్యాయి. నాకు సంజాయిషీ ఉత్తరం కూడా వచ్చింది. జవాబు అర పేజీ రాశాను, అంతటితో ముగిసింది. మంజూరు, సంజాయిషీ కాగితాలు రెండూ ఒకే ఫైలులో ఉంచాను.

ఆ సాయంత్రం గోడ మీది నా రూలు నేనే గోటితో గీకి తీశాను. మైదాపిండి జిగురు గట్టిగా పట్టుకుని ఉంది.

మరునాడు బుధవారం. ఎనిమిదింటికే వెళ్లేసరికి గుమాస్తా నాకంటే ముందు వచ్చి ఉన్నాడు. కొత్త పుట తెరిచి గీతలు కొట్టుకున్నాడు. మొదట వచ్చిన మనిషి తన గల్లీ తరఫున ఆరు ఇళ్లు చెప్పాడు. గుమాస్తా ఆరు నంబర్లు రాసి ఆరు చీటీలు ఇచ్చాడు.

“ఇన్ని ఏం జేసుకోవాలె భాయ్? ఒకటిస్తే అయిపాయె గద,” అన్నాడతను.

“ఇంటికొకటి పంచు. ఎవల నంబరు వాళ్లది.”

తొమ్మిదిన్నరకు అధికారి రిక్షా దిగారు. టైపు చేసిన నోట్ చదివి, మూడో పేరా దగ్గర ఆగి నా వంక ఒకసారి చూసి, సంతకం చేశారు. గుమాస్తా రోజుకూలీ కొనసాగింపు కాగితం ఇంజినీరుగారు సంతకం చేసి నాకు ఇచ్చారు. నేను దాన్ని తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లాను. అక్కడ తొమ్మిదిమంది వరుసలో ఉన్నారు. గుమాస్తా తలెత్తకుండా, “ఒక్క నిమిషం పెద్దసార్, యాభై రెండు రాస్తున్న,” అన్నాడు. నేను కాగితం చేత్తో పట్టుకుని, అతను యాభై రెండు, యాభై మూడు, యాభై నాలుగు రాసేదాకా అక్కడే నిలబడ్డాను.