ఊగి ఆగిన గీత

గోదావరిఖనిలో ఓపెన్‌కాస్టు గని పక్కనున్న వర్క్‌షాపులో, ఎలక్ట్రానిక్స్ గదిలో నేను చేరి అప్పటికి నాలుగేళ్లు. బొగ్గు మోసే పెద్ద డంపర్లలో ఆపరేటర్ ముందు ఒక చిన్న తెర ఉంటుంది. బండి వెనక ఏముందో కెమెరా ఆ తెర మీద చూపిస్తుంది. అది లేకుండా ఇల్లంత బండిని వెనక్కి తీయడమంటే కళ్లు మూసుకుని నడపడమే. ఆ తెరలకు కరెంటు అందించే కార్డులు పాడైతే బాగుచేయడం నా పని.

బ్యాటరీ నుంచి వచ్చే కరెంటులో బండి మోటార్ల గోల చాలా కలిసి వస్తుంది. దాన్ని వడకట్టడానికి కార్డు గుమ్మంలోనే ఒక తీగ చుట్ట, అంటే కాయిల్, దాని వెనక కరెంటును నింపుకునే కెపాసిటర్ ఒకటి ఉంటాయి. ఆ కెపాసిటర్ చిన్న డబ్బాలా ఉండే రకం. గని ఎండకు రెండు మూడేళ్లలో లోపల ఎండిపోతుంది. నాకో ఆలోచన వచ్చింది. అంతే విలువున్న సెరామిక్ కెపాసిటర్ దొరుకుతుంది, చింతగింజలో సగం కూడా ఉండదు, ఎన్నేళ్లయినా ఎండదు. మూడు కార్డుల్లో అది మార్చాను. బల్ల మీద పరీక్షిస్తే మూడూ చక్కగా పనిచేశాయి. మా ఇంజనీరు సారు మీటింగులో అందరి ముందూ మెచ్చుకున్నారు. ఆ రోజు ఇంటికి షేర్ ఆటోలో వెళ్తూ నాలో నేనే నవ్వుకున్నాను.

ఆ మూడు కార్డులూ ఒకటి తర్వాత ఒకటి ఒకే డంపరుకు వెళ్లాయి. పొద్దున షిఫ్టుకు మెయిన్ స్విచ్ వేయగానే మొదటిది పోయింది. రెండోది పెట్టారు, రెండు రోజులకు అదీ పోయింది. మూడోది మొదటి రోజే పోయింది. మిగతా డంపర్లలో ఏ ఇబ్బందీ లేదు. దాంతో నింద ఆ బండి ఆపరేటర్ మీద పడింది. స్విచ్ మొరటుగా కొడుతున్నాడని, నిర్లక్ష్యమని మెమో ఇచ్చారు. ఇరవై ఏళ్ల డ్యూటీలో అతనికి అదే మొదటి మెమో.

అతను ఆ కాగితం పట్టుకుని మా గదికే వచ్చాడు. కోపంగా లేడు, అదే నాకు ఎక్కువ కష్టమనిపించింది.

"చెల్లె, స్విచ్ ఎట్ల వేస్తరో నాకు తెల్వదా? నువ్వే చెప్పు, మెల్లగ వేస్తే పోదా అది?"

"చూస్త అన్నా," అన్నాను.

మా ఫోర్‌మన్ చాచా పక్కనే నిలబడి విన్నాడు. ముప్పై ఏళ్లుగా బండ్ల కరెంటు పని చేసిన మనిషి. మూడు కార్డులూ తిప్పి తిప్పి చూసి అన్నాడు: "మూడింట్ల ఒక్క చిప్పే కాలింది బిడ్డా. మొరటుతనం గిట్ల ఒక్క జాగనే ఎతుక్కొని కొట్టదు."

ఆ చిప్పు నలభై వోల్టుల వరకే తట్టుకుంటుంది. బండిలో ఉన్నది ఇరవై నాలుగు. మరి ఎలా కాలింది? బల్ల మీద ఎందుకు కాలలేదు? చిప్పు మార్చి మళ్లీ బల్ల మీద పెట్టాను. బాగానే వెలిగింది. అప్పుడు నా కళ్లు బల్ల మీది పవర్ సప్లై మీద పడ్డాయి. మీట నొక్కితే దాని వోల్టేజీ సున్నా నుంచి మెల్లగా పైకి వస్తుంది. బండిలో మాత్రం స్విచ్ తగిలిన క్షణమే ఇరవై నాలుగు వోల్టులూ ఒక్కసారిగా మీద పడతాయి.

"చాచా, నాకు బండి బ్యాటరీలు కావాలె. స్విచ్ కూడ."

మధ్యాహ్నానికి రెండు బ్యాటరీలు వచ్చాయి. చిప్పు తీసేసి, కాయిల్‌నూ కెపాసిటర్‌నూ మాత్రం ఉంచి, వోల్టేజీ ఎగుడుదిగుళ్లను గీతగా చూపించే స్కోపును ఆ కెపాసిటర్ మీద పెట్టాను. స్విచ్ వేశాను. స్కోపు తెర మీద గీత ఇరవై నాలుగు దగ్గర ఆగలేదు. నలభై ఆరు దాకా ఎగిరింది, కిందికి పడింది, మళ్లీ ఎగిరింది. ఇరవై సార్లకు పైగా ఊగి అప్పుడు నిలబడింది. ఇదంతా సెకనులో వెయ్యో వంతు, మహా అయితే రెండు వంతుల్లోనే. కంటికి అందదు, చిప్పుకు చాలు.

పాత డబ్బా కెపాసిటర్ పెట్టి చూశాను. ముప్పై దగ్గరికి లేచి ఒక్క ఊపుతో సర్దుకుంది.

నాకు అర్థమైంది. స్విచ్ పడగానే కాయిల్‌లో పరుగందుకున్న కరెంటు, కెపాసిటర్ నిండాక కూడా వెంటనే ఆగదు, ఇంకా నింపుతుంది. అలా ఎక్కువైనది వెనక్కి తన్నుతుంది. ఆ ఊపును తినేది నిరోధమే. పాత డబ్బాలో దాదాపు ఒక ఓము నిరోధం దాగి ఉండేది. లోపమనుకున్నదే కాపలా కాసింది. నేను పెట్టినదాంట్లో నిరోధం దాదాపు లేదు.

చాచా గీతను చూసి, "షాక్ అబ్జార్బర్ లేని బండి లెక్కనే ఊగుతున్నది," అన్నాడు.

"తప్పు నాదే చాచా. ఆపరేటర్ అన్నది కాదు."

ఆయన నా వైపు తిరిగాడు. "సార్‌కు నువ్వే చెప్తవా?"

"దీనికి మందు దొరికినంక చెప్త."

కరెంటు దారిలోనే నిరోధం ఇచ్చే రెండు ఓముల రెసిస్టర్ పెట్టాను. గీత అసలు ఎగరలేదు కానీ చిప్పు తిరిగి పెట్టి డంపరు తెర వెలిగిస్తే నాలుగు వోల్టులు అక్కడే పోయాయి, రెసిస్టర్ ముట్టుకోలేనంత వేడెక్కింది. పెద్ద కెపాసిటర్ పెట్టమన్నాడు చాచా. అవే సెరామిక్‌వి ఇంకో ఐదు కలిపాను. ఊపు నెమ్మదించింది, ఎత్తు మాత్రం నలభై దాటే ఉంది. చివరికి ఆ ఐదింటికీ వరుసలో ఒక రెసిస్టర్ పెట్టి మొదటిదాని పక్కన కలిపాను. కరెంటు నిలకడగా ఉన్నప్పుడు ఆ పక్కదారిలో ఏమీ పారదు, కాబట్టి వేడి ఉండదు. ఊగినప్పుడే పారి, ఊపును తింటుంది. ఇరవై ఓములు పెడితే ఆ ఐదూ లేనట్టే అయింది. ఎన్ని ఓములు కావాలో తేల్చడానికి కాయిల్ విలువను మొదటి కెపాసిటర్ విలువతో భాగించి వర్గమూలం తీశాను. ఒక ఓము వచ్చింది. అదే పెట్టి స్విచ్ వేశాను. గీత ముప్పై రెండుకు లేచి, మెల్లగా దిగి, ఇరవై నాలుగు మీద పడుకుంది.

మర్నాడు ఇంజనీరు సారునూ ఆపరేటర్ అన్ననూ పిలిపించాను. సారు ఎదుట నా మొదటి మార్పున్న కార్డు పెట్టి, స్విచ్ అన్న చేతికిచ్చాను.

"గట్టిగ కొట్టు అన్నా." నలభై ఆరు. "ఇప్పుడు మెల్లగ." మళ్లీ నలభై ఆరు.

"సార్, ఎంత మెల్లగ తిప్పినా లోపల తగిలేది ఒక్కసారే. కార్డుల ఊపు ఆపేదాన్ని నేనే తీసేసిన. మెమో నాకు రావాలె."

సారు గీత మీదకు వంగి చూశారు. తర్వాత కొత్త కార్డు పెట్టమన్నారు. తన చేత్తోనే పదిసార్లు స్విచ్ వేశారు. ముప్పై రెండు దాటలేదు. "మెమో వాపస్ తీసుకుంటా. బల్ల మీద పరీక్ష ఇకనుంచి బ్యాటరీతోనే," అన్నారు. నాకు మెమో రాలేదు.

అన్న ఇంకోసారి స్విచ్ వేసి గీత సర్దుకోవడం చూశాడు. కార్డు మీది సెరామిక్ కెపాసిటర్‌ను చూపించి, "గింత చిన్న ముక్కనా నా మీద నింద ఏసింది!" అని నవ్వాడు.

ఆ డంపరులో కొత్త కార్డు నిలబడింది. తర్వాత మా ఏరియా బండ్లన్నిటికీ అదే మార్పు చేశాను. శ్రీరాంపూర్ వర్క్‌షాపు వాళ్లు నేర్పమంటే చాచా నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు. పదిమంది దాకా బల్ల చుట్టూ చేరారు. చాచా నా భుజం తట్టి వాళ్లతో అన్నాడు: "తప్పు చేసింది గీ బిడ్డనే. పట్టుకున్నది గీ బిడ్డనే. సరిచేసింది గూడ గీ బిడ్డనే."

మీటింగులో విన్న మెప్పు ఇప్పుడు నాకు సరిగా గుర్తు కూడా లేదు. ఈ మూడు మాటలు మాత్రం, తప్పుతో మొదలైన మాటలైనా, తల ఎత్తుకునే విన్నాను. స్కోపు వైరు తగిలించి, "ముందు తప్పు చూపిస్త," అని మొదలుపెట్టాను.