పై తోట పండేదాకా

మా ఆవిడ కష్టపడి సాధించిన మొదటి విజయం ఒక పింగాణీ గిన్నె. కాఫీ కొనే గిడ్డంగిలో, రుచి చూసే బల్ల మీద, మా పై తోట గింజలకంటూ వేరే గిన్నె పెట్టించింది. అంతకు ముందు ఈ కొండవాలులో ఏ చిన్న రైతుకూ ఆ గౌరవం దక్కలేదు. నాకు తెలిసి దక్కలేదు. నాకు తెలియకుండా ఈ వాలులో జరిగేవి తక్కువ.

మాకు రెండు తోటలు. కింది తోట ఇంటిని ఆనుకునే ఉంటుంది. అది నా చేతులతో వేసింది. గోతులు తీసింది నేను, నీడ చెట్లు నాటింది నేను, వాలున మట్టి కొట్టుకుపోకుండా రాళ్ల కట్టలు పేర్చిందీ నేనే. ఆ కట్టలను చూడడానికి పక్క కొండల నుంచి రైతులు వచ్చారు. పై తోటకు కాలిబాటన సగం రోజు ఎక్కాలి. పొగమంచు వచ్చి కూర్చునే చోటు. చవగ్గా వస్తోందని కొన్నాను. అక్కడ మొక్క సంగతి అటుంచు, మనిషే ఎదగడని నలుగురూ నవ్వారు. మా ఆవిడ నవ్వలేదు. కాఫీ పండ్లు కోసే కూలీల ఇంట పుట్టి, ఊళ్లో బడి ఉన్నంత మేరకు చదువుకుని, నడక వచ్చినప్పటి నుంచి తోటల్లోనే తిరిగిన మనిషి. చలిలో కాఫీ ఏం చేస్తుందో చూద్దామంది.

చూసింది. రెండు తోటల్లోనూ ఒకే రకం మొక్క, ఒకే వాన. పువ్వు కూడా ఇంచుమించు ఒకేసారి విచ్చేది. కానీ కింద పండు ఎర్రబడి కోతకొచ్చినా, పైన కాయ ఇంకా పచ్చగా మొండికేసి కూర్చునేది. నేను విసుక్కునేవాణ్ణి. ఆవిడ మాత్రం పైది ఒక గింజ, కిందిది ఒక గింజ చేతిలో పెట్టుకుని కొరికి చూసేది. కిందిది పటుక్కున విరిగేది. పైది పంటికి ఎదురు తిరిగేది. దాని నడుమ గీత కూడా వంకరగా, బిగుసుకుని ఉండేది. ఒకే డబ్బాతో రెండూ కొలిచి తూస్తే పై గింజే బరువు తూగేది. చల్లగా ఉండడంతో పండుకు తొందరుండదని, నిదానంగా తియ్యదనమంతా గింజలోకి దించుకుంటుందని చెప్పేది. నేను ఊఁ కొట్టేవాణ్ణి.

అప్పట్లో అందరం పైదీ కిందిదీ ఒకే తొట్టిలో పోసేవాళ్లం. గిడ్డంగిలో అంతా ఒకే రాశి, ఒకే ధర. ఆవిడ మాత్రం చేత్తో తిప్పే తొక్క తీసే మర ఒకటి సంపాదించి, పై పండును వేరుగా తొక్క తీసి, కడిగి, ఎండబెట్టి, ఒక్క బస్తా గిడ్డంగికి మోయించుకెళ్లింది. రుచి చూసే పెద్దాయన ఒప్పుకోలేదు. ఒక్కో బస్తాకూ గిన్నె పెడుతూ పోతే బల్ల చాలదన్నాడు. ఆవిడ గుమ్మం పక్కన బస్తా మీద కూర్చుంది. మధ్యాహ్నం బల్ల ఖాళీ అయ్యాక ఆయనే జాలిపడి ఒక గిన్నె తెప్పించాడు.

పెద్దాయన పద్ధతి నాకు బాగా తెలుసు. గింజను లేతగా వేయించి, బరకగా పొడి చేయించి, వేడి నీళ్లు పోయిస్తాడు. పొడి తెట్టులా పైకి తేలుతుంది. కాసేపాగి చెంచాతో ఆ తెట్టును విరుస్తూ ముక్కు గిన్నెలోకి దించుతాడు. తర్వాత జుర్రున పీల్చి ఉమ్మేస్తాడు. ఆ రోజు పీల్చాడు, ఉమ్మలేదు. మింగేశాడు.

“ఎక్కడిదమ్మా ఇది?”

“మా పై తోటదండీ.”

“పైనంటే ఎంత పైన?”

“ఇక్కడ దుప్పటి అక్కర్లేని రోజున అక్కడ రెండు కప్పుకోవాలండీ. అంత పైన.”

ఆయన నవ్వి, నిమ్మపండు లాంటి పులుపుందని, వెనకాల తేనె ఉందని అందరూ వినేలా చెప్పాడు. ఆ బస్తాకు మామూలు రాశి మీద సగం ధర ఎక్కువ పలికింది. ఇంటికొచ్చాక ఆవిడ ధర సంగతి ఎత్తలేదు. “మింగేశాడండీ” అని మాత్రం అంది.

తర్వాతి ఘనత ఆకు తుప్పు తెగులు వచ్చిన ఏడు సాధించింది. ఆకుల అడుగున నారింజ రంగు పొడి పట్టి, కింది తోటలో పొడుగు రకం చెట్లన్నీ బోడిగా నిలబడ్డాయి. ఊరంతా తెగులును తట్టుకునే పొట్టి రకానికి మారింది. నేనూ మారాను, అందరికన్నా ముందు మారాను. కాపు రెట్టింపయింది కూడా. కానీ ఆ కాఫీలో పాత రుచి లేదు. ఆవిడ పొడుగు రకం విత్తనం దాచి, నారు పోసి, తట్టల్లో పైకి మోసుకెళ్లి, చలికి చచ్చిన చోటల్లా నాటింది. పైన చల్లదనానికి తుప్పు అంతగా చెలరేగదని ఆవిడ నమ్మకం. అదే నిజమైంది. ఈ వాలులో ఆ పాత రకం ఇప్పుడు మా పై తోటలోనే ఉంది. చెట్టుకు కాపు తక్కువే. రుచికి మాత్రం సాటి లేదు.

ఇంత చేసిన మనిషికి పోయినేడు దెబ్బ తగిలింది.

అప్పుడు ఆవిడ మా అమ్మాయి పురిటికి కిందే ఉండిపోయింది. మా అన్న కొడుకు రెండు తోటల అమ్మకాలూ చూస్తాడు. పనిమంతుడు, మాట సూటిగా ఉంటుంది. కింద కోత అయిపోగానే కూలీలు ఖాళీగా ఉన్నారని అదే ఊపులో పైకి తోలాడు. వాళ్లు కింద కోసినట్టే కోశారు. పైన ఒకే కొమ్మ మీద ఎర్రటి పండు, దోరకాయ, పచ్చికాయ కలిసి ఉంటాయి. అక్కడ పండింది మాత్రమే ఏరి, మిగతావి వదిలేసి, మళ్లీ మళ్లీ రావాలి. వాళ్లు కొమ్మ దూసి తట్ట నింపారు. పైగా ఆ పండునంతా మూటలు కట్టి ఎండలో కిందికి దించారు. దారిలోనే మూటల్లో వేడి పుట్టి పులిసిపోయింది.

పెద్దాయన ఈసారి పీల్చి వెంటనే ఉమ్మేశాడు. పచ్చిగడ్డి వాసన, నాలుక మీద వగరు, పాడైన పులుపు అన్నాడు. మా గిన్నె వరసలోంచి తీసేసి బస్తాలు మామూలు రాశిలో పోయించాడు.

ఆ సాయంత్రం మా అన్న కొడుకు అరుగు మీద కూర్చుని లెక్క తేల్చాడు. ఏటేటా ఎండ పెరుగుతోంది, కింది తోటలో మనం వేసే అరబికా రకం వడిలిపోతోంది, కాండం తొలిచే పురుగు పడుతోంది, పండు తొందరగా ముదిరి గింజ తేలిపోతోంది. అక్కడ రోబస్టా వేద్దామన్నాడు. చేదు రకమే, ధరా తక్కువే, కానీ వేడికి తట్టుకుని విరగకాస్తుంది. అందులో అబద్ధం లేదు. నా చేతి తోటే అయినా తల ఊపాను. ఆపైన ఆవిడ వైపు తిరిగాడు.

“పిన్నీ, పైన కూడా ఆ పొడుగు చెట్లు తీసేసి పొట్టి రకం వేసేద్దాం. రుచి రుచి అంటావు. ఇవాళ ఆ పెద్దాయన మొహం చూశావుగా.”

“చూశాన్రా. చెట్టు చేసిన తప్పుకి ఆయన మొహం అలా అవలేదు.”

“అయితే ఏం చేస్తావ్?”

“వచ్చే ఏడు నేనే పైన ఉంటాను. మొదటి కోత నుంచి ఆఖరి పండు దాకా. మన గిన్నె మళ్లీ వరసలోకొస్తే చెట్ల జోలికి రాకు. రాకపోతే నువ్వన్నట్టే చేద్దాం.”

మా అన్న కొడుకు ఒప్పుకున్నాడు. నన్నెవరూ అడగలేదు. మోకాళ్లు పట్టేసి ఆ బాట ఎక్కలేని మనిషిని అడిగి లాభమేముంది?

ఈ ఏడు కింద కోత మొదలైన ఎన్నాళ్లకో ఆవిడ బయల్దేరింది. రెండు దుప్పట్లు, తొక్క తీసే మర, ఆరబెట్టే జల్లెళ్లు, పొగమంచు దిగితే కప్పడానికి పట్టలు గుర్రం మీదికెక్కించింది. గుర్రాలు తోలేవాడు తాడు బిగిస్తుంటే నా దగ్గరకొచ్చి, గింజలు మాడ్చుకోవద్దని, పొయ్యి దగ్గర నిలబడి వేయించమని, పరధ్యానం పనికిరాదని చెప్పింది. అంతే. పెళ్లైన ఇన్నేళ్లలో ఆవిడ చెప్పకుండా నేను గింజలు వేయించిన రోజు లేదు.

ఇప్పుడు రోజూ మాడుస్తున్నాను. తిట్టే మనిషి లేక మాడిందే తాగుతున్నాను. నా కింది తోట గింజలే. కప్పులో పులుపు లేదు, తీపి లేదు, వేడి మాత్రం ఉంది. పొద్దున్నే పెరట్లో నిలబడి పైకి చూస్తాను. పొగమంచు విడిస్తే ఆవిడ పాక మీద సన్నగా పొగ కనిపిస్తుంది. లేచి పొయ్యి వెలిగించిందనుకుంటాను. విడవకపోతే ఆ రోజంతా ఏ పనికీ చేయి రాదు. ఆవిడ ఊళ్లోకి వేసుకెళ్లే చెప్పులు గుమ్మం పక్కనే ఉన్నాయి. పైన తోలు చెప్పులు తడికి పాడవుతాయని వదిలేసి వెళ్లింది. ఊడ్చినప్పుడు వాటిని జరిపి, మళ్లీ అదే చోట పెడుతున్నాను.

మొదటి కోత సరుకు గుర్రాల మీద దిగింది. పొట్టుతో ఉన్న గింజ, ఎండి గలగలమంటోంది. ఉండబట్టలేక నేనే మా అన్న కొడుకుతో కలిసి గిడ్డంగికి వెళ్లాను. పెద్దాయన తెట్టు విరిచి గిన్నె మీదికి వంగాడు, చాలాసేపు తలెత్తలేదు. పీల్చాడు. మా వాడు నా చెయ్యి పట్టుకున్నాడు. నేనూ వదల్లేదు.

పెద్దాయన మింగాడు.

“గిన్నె వరసలో పెట్టండి” అని పనివాడికి చెప్పి, నా వైపు తిరిగాడు. “అమ్మగారికి చెప్పండి. ఇది మొదటి కోతే. ఈ చలికి నిలిచిన పండు దీనికన్నా బావుంటుంది. ఆఖరిదాకా తొందరపడొద్దనండి.”

ఇంటి దారిలో మా వాడు, పిన్ని గెలిచింది బాబాయ్, పొడుగు చెట్ల ఊసు ఇక ఎత్తను, నీ కింది తోట మాత్రం వానలకు ముందే తీయాలి అన్నాడు. తీయమన్నాను. ఆవిడ గెలిచినందుకు ఛాతీ పొంగింది. ఆ గెలుపులోనే ఇంకో సంగతుంది. పై తోట నిలిచిందంటే, ఏటా ఆ చలికాలమంతా ఆవిడ పైనే ఉంటుంది. పండు ఎంత నిదానిస్తే కాఫీ అంత గొప్పది, ఆవిడ రాక అంత ఆలస్యం.

గుర్రాలవాడితో కబురంపాను. గిన్నె వరసకెక్కింది, మిగతాది కూలీలకొప్పజెప్పి దిగి రావచ్చు కదా అని. వాడు రెండో కోత సరుకుతో పాటు జవాబు తెచ్చాడు. ఆవిడ మాటల్నే ఆవిడ గొంతులో చెప్పాడు, దొంగవెధవ.

“ఆయన్ని గింజలు మాడ్చుకోవద్దని చెప్పు. కొమ్మ చివర్లు ఇంకా పచ్చగానే ఉన్నాయి. నేను దిగితే మళ్లీ ఎవరో దూసేస్తారు. కింది తోట తీసేముందు నేనొచ్చి ఒకసారి ఆయనతో తిరిగి చూస్తాను, అప్పటిదాకా గొడ్డలి పెట్టనివ్వొద్దను.”

ఒక గుడ్డలో కట్టి నాకోసం గుప్పెడు గింజలు కూడా పంపింది. పొయ్యి దగ్గర నిలబడి, ఎటూ చూడకుండా, లేతగా వేయించాను. పొడి చేసి, నీళ్లు పోసి, తెట్టు విరిచాను. నిమ్మపండు, వెనకాల తేనె. నేనూ మింగాను.

పైన ఇప్పుడు మూడో కోత నడుస్తోంది. ఆఖరి పండు ఎర్రబడి, తొక్క తీసి, ఆరి, గుర్రాలకెక్కేసరికి మార్చి పదకొండో తారీఖు అవుతుందట. బుధవారం.