నంబరు వేయని చింతచెట్లు

అనకాపల్లి నుంచి తుమ్మపాల వైపు పోయే రోడ్డు పక్కన నాదొక చిన్న కుట్టు దుకాణం. జాకెట్లు, లంగాలు, బడిపిల్లల యూనిఫారాలు కుడతాను. ఒక ఉదయం షట్టరు పైకెత్తి వెనక్కి తిరిగేసరికి ఎదురుగా ఉన్న చింతచెట్టు మొదట్లో బెరడు చెక్కి, ఆ తెల్లటి చోట ఎర్ర రంగుతో నంబరు రాసి ఉంది. దాని పక్క చెట్టుకూ ఉంది. ఆ పక్క నిద్రగన్నేరుకూ ఉంది. రోడ్డు వెడల్పు చేస్తారని చాన్నాళ్లుగా వింటూనే ఉన్నాం. ఆ రంగు చూశాక మాత్రం అది మాట కాదని తెలిసిపోయింది.

ఆ చెట్లు ఎవరు నాటారో మా అత్తగారికి కూడా తెలియదు. కొమ్మలు రోడ్డు మీదికి గొడుగులా వాలి నడివేసవిలో కూడా రోడ్డు మీద ఎండ ముక్కలుముక్కలుగానే పడేది. చెరకు బళ్లవాళ్లు ఎడ్లను విప్పేది అక్కడే. కంపెనీ బస్సుల కోసం ఆడపిల్లలు నిలబడేది అక్కడే. మా దుకాణం రేకుల కింద నేను మధ్యాహ్నం పూట మిషను తొక్కగలిగానంటే ఆ నీడ వల్లే.

మా ఆయన అచ్యుతాపురం కంపెనీ బస్సు నడుపుతాడు. నాకు మేనబావ. ఆ సాయంత్రం అన్నం పెడుతూ నంబర్ల సంగతి చెప్పాను.

"రోడ్డు కావాలి కదే మరి. ఆ మలుపులో ఎదర బండి కనిపించదు. మొన్న నేనే ఒక బైకోడిని గుద్దీబోయేను," అన్నాడు.

"రోడ్డు వద్దని నేనన్నానా బావా? చెట్ల వైపే ఎందుకు పెంచాలి? అటేపు కాలవ గట్టు పొడుగునా సర్కారు జాగా ఖాళీగానే ఉంది కదా."

"ఆ మాట నాకు సెప్తే ఏటవుతాది? అడగాల్సినోళ్లని అడుగు."

మర్నాడు దుకాణానికి తాళం వేసి రోడ్ల ఆఫీసుకు వెళ్లాను. అక్కడి ఇంజనీరు మర్యాదస్తుడే. కుర్చీ వేయించి, ఏం జరుగుతుందో విడమరిచి చెప్పాడు. చెట్లు తమ ఇష్టం వచ్చినట్టు కొట్టడానికి లేదట. అటవీ శాఖ వాళ్లు వచ్చి ఒక్కో చెట్టు చుట్టుకొలత తీసి, నంబరు వేసి, కలపకు విలువ కడతారట. నీరు, భూమి, చెట్ల రక్షణకున్న వాల్టా చట్టం కింద అనుమతి ఇస్తారట. ఆ తర్వాతే వేలం, ఆ తర్వాతే రంపం. కొట్టినవాటికి బదులుగా మొక్కలు నాటాలని షరతు కూడా ఉంటుందట.

"కాలువ వైపు పెంచకూడదా సార్?" అని అడిగాను.

"డిజైన్ అయిపోయిందమ్మా," అన్నాడు.

తిరిగి వస్తూ ఆటోలో కూర్చోకుండా చెట్లన్నీ చూసుకుంటూ నడిచాను. తూము దాకా అన్నిటికీ నంబర్లున్నాయి. తూము దాటాక, మలుపులో ఉన్న పాత చింతలకు లేవు. వాటి మొదళ్లు చుట్టూ తిరిగి చూశాను. బెరడు చెక్కిన గుర్తు కూడా లేదు. కాని మలుపు అవతల అప్పటికే కంకర పోసి, కొత్త రోడ్డు అంచు చూపించే సున్నపు గీత లాగారు. ఆ గీత చెట్లకు అవతలగా ఉంది, చెట్లు గీతకు లోపల రోడ్డు వైపు పడ్డాయి. అంటే అవి కూడా పోతాయన్నమాట.

ఆ రాత్రే మేం తెప్పించుకునే పత్రిక సంపాదకుడికి ఉత్తరం రాయడం మొదలుపెట్టాను. పదో తరగతి తర్వాత నేను అంత పొడుగు రాసింది లేదు. నీడ గురించి, పక్షుల గురించి, మా అత్తగారు ఆ చెట్ల కింద రాలిన చింతకాయ ఏరిన రోజుల గురించి రాశాను. చివర్న కాలువ వైపు ఖాళీ స్థలం గురించి, నంబరు లేని చెట్ల గురించి రాశాను. జిల్లా ఎడిషన్ ఆఫీసులో ఇచ్చి వచ్చాను. పేరు, పూర్తి చిరునామా, ఫోను నంబరు లేకపోతే తీసుకోం అన్నారు. రాసిచ్చాను.

నాలుగైదు రోజులకు వచ్చింది. పాఠకుల లేఖల్లో అట్టడుగున, 'పచ్చని చెట్లను కాపాడాలి' అనే శీర్షికతో. పక్షులున్నాయి, నీడ ఉంది. కాలువ గట్టు లేదు. నంబర్లు లేవు. చెట్లంటే ప్రేమ ఉన్న ఒక ఇల్లాలు ఏదో వాపోయినట్టుంది. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లు "బాగా రాసేవు వదినా" అంటుంటే ఒళ్లు మండిపోయింది.

ఆఫీసుకు ఫోను చేసి లేఖల పేజీ చూసే ఆయనను అడిగాను.

"అసలు మాట తీసేసి కొసరు మాట వేశారేంటండీ?"

ఆయన విసుక్కోలేదు. "అమ్మా, మాకున్న జాగా అంతే. పెద్ద ఉత్తరం వస్తే కోస్తాం. ఇక నంబరు లేని చెట్లు కొడతారని రాశారు. అది ఆరోపణ. ఆధారం లేకుండా వేస్తే రేపు మేం జవాబు చెప్పుకోవాలి. అనుమతి కాగితం మీ దగ్గరుందా?"

"లేదు."

"తెచ్చుకోండి. ఏ చెట్లకు అనుమతి ఇచ్చారో అందులో ఉంటుంది. అప్పుడు చిన్నగా రాయండి, ఒక్క విషయమే రాయండి. కోయకుండా వేస్తాను."

కోపంతోనే ఫోను పెట్టేశాను గాని, ఆయన చెప్పింది న్యాయమే. అటవీ శాఖ ఆఫీసుకు వెళ్లి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాను. ఈ రోడ్డు మీద చెట్లు కొట్టడానికి ఇచ్చిన అనుమతి ఉత్తర్వు, దానికి జత చేసిన చెట్ల జాబితా నకలు కావాలని. నెల లోపు ఇవ్వాలి.

ఆ నెల ఆగింది నేనే గాని రంపాలు కాదు. ఊరి చివరి నుంచి కొట్టుకుంటూ వచ్చారు. ముందు కొమ్మలు, తర్వాత మాను, తర్వాత పొక్లెయిన్ వచ్చి వేళ్లు పెకలించేది. నా ఎదురు చెట్టు పడిన రోజు దుకాణంలోకి ఒక్కసారిగా ఎండ వచ్చి పడింది. మిషను మీద పెట్టిన గుడ్డ తెల్లగా మెరిసి కళ్లు చిట్లించుకోవాల్సి వచ్చింది. ఏడుపు రాలేదు. లేచి మిషనును లోపలి గోడ వైపు జరుపుకున్నాను.

అప్పుడే కాంట్రాక్టరు తాలూకు మనిషొకడు వచ్చాడు. నవ్వుతూనే మాట్లాడాడు.

"అక్కా, పేపర్లో రాసింది నువ్వేనట కదా. ఆ ఆఫీసులో, ఈ ఆఫీసులో కాయితాలు కూడా అడుగుతున్నావట."

"అవును. అడిగేను."

అతడు పైకి చూశాడు. "ఈ ముందు రేకులు రోడ్డు జాగాలోకి వచ్చినట్టున్నాయి. మేం సూసీసూడనట్టు ఊరుకుంటన్నాం. నువ్వూ ఊరుకుంటే అందరికీ మంచిది."

అతడన్నది నిజమే. మా వీధిలో ప్రతి దుకాణం ముందూ ఆ రేకులు రోడ్డు జాగాలోకే ఉంటాయి. అతడు వెళ్లాక బయటికి వచ్చి మా రేకులు ఎంత ముందుకున్నాయో అడుగులేసి కొలుచుకున్నాను. సాయంత్రం బస్సు దిగి వచ్చిన మా ఆయనతో చెప్పాను. ఆయన వింటూనే చొక్కా మార్చుకున్నాడు. తిట్టి, ఇక చాలించమంటాడనుకున్నాను.

"రేకులు తీసీమంటావా?" అన్నాడు.

"తీసీ. మనమే తీసీసుకుంటే ఇంకేం సెప్పి బెదిరిత్తారు?"

నిచ్చెన వేసుకుని బోల్టులు ఊడదీశాడు. నేను కింద నుంచి రేకులు అందుకున్నాను. పక్క కిరాణా కొట్టు భాయి వచ్చి ఇంకో వైపు పట్టుకున్నాడు. "నీకేటైనా పిచ్చా బెహన్, చెట్టూ పోయె, రేకూ పోయె," అన్నాడు. అంటూనే రేకులన్నీ తన గోదాములో పెట్టించాడు. మర్నాటి నుంచి పాత దుప్పటి ఒకటి లోపలి వైపు తెరలా కట్టుకుని మిషను తొక్కాను. మధ్యాహ్నానికి రేకుల పెట్టెలో కూర్చున్నట్టే ఉండేది. కానీ ఆ కాంట్రాక్టరు మనిషి అటుగా బండి మీద పోతున్నప్పుడల్లా నేను తల దించలేదు.

నకలు వచ్చింది. నిలబడే పేజీలు తిప్పాను. చెట్టు జాతి, చుట్టుకొలత, నంబరు వరసగా ఉన్నాయి. జాబితా తూము దగ్గర ఆగిపోయింది. మలుపు చింతల ఊసే లేదు.

ఈసారి ఉత్తరంలో పక్షులు లేవు. ఇంతే రాశాను:

'సంపాదకులకు,

తుమ్మపాల రోడ్డు వెడల్పు పనిలో తూము వరకు ఉన్న చెట్లకే అటవీ శాఖ అనుమతి ఉంది. తూము దాటాక మలుపులో ఉన్న చింతచెట్లకు కొలత లేదు, నంబరు లేదు, అనుమతి లేదు. అయినా వాటిని కలుపుకుని రోడ్డు గీత లాగారు. అనుమతి నకలు, చెట్ల ఫోటోలు జత చేస్తున్నాను. నేను రోడ్డుకు వ్యతిరేకిని కాను. అటువైపు కాలువ గట్టున ప్రభుత్వ స్థలం ఉండగా ఈ చెట్లు ఎందుకు కొట్టాలో సంబంధిత అధికారులు ఇదే పత్రికలో జవాబు చెప్పాలి.'

లేఖల పేజీ ఆయన ఫోను చేశాడు. "బాగుందమ్మా. మీకు ఇబ్బంది అనుకుంటే పేరు వేయకుండా 'ఒక పాఠకురాలు' అని వేస్తాను."

"వద్దు. నా పేరుతోనే, మా వీధి పేరుతోనే వేయండి."

అలాగే వేశాడు. ఒక్క మాట కోయలేదు.

అది అచ్చయిన ఉదయమే మలుపులోంచి రంపం చప్పుడు వినిపించింది. పేపరూ నకలూ చేతిలో పట్టుకుని పరుగెత్తాను. మొదటి చింత అప్పటికే కూలిపోయి ఉంది. రెండోదాని కింద కూలివాళ్లు తాళ్లు కడుతున్నారు. నేను వెళ్లి ఆ చెట్టుకు వీపు ఆనించి నిలబడ్డాను.

"అమ్మా, పక్కకి రా, కొమ్మ పడతాది," అన్నాడు రంపం పట్టుకున్నవాడు.

"ఈ చెట్టు నంబరేటో సెప్పు, పక్కకి వత్తాను."

అతడు మాను చుట్టూ చూశాడు. రంపం ఆపి కింద పెట్టాడు. కాంట్రాక్టరు మనిషి బండి దిగి, గొంతు పెంచి, పోలీసులను పిలుస్తానన్నాడు. "పిలువు. నేనూ పిలిసేను," అన్నాను. నిజంగానే నకలు మీదున్న అటవీ శాఖ ఆఫీసు నంబరుకు దారిలోనే ఫోను చేశాను. బస్సు కోసం నిలబడ్డ ఆడపిల్లలు కొందరు వచ్చి నా పక్కన నిలబడ్డారు. వాళ్ల బస్సు వచ్చి హారను కొట్టినా కదల్లేదు, ఆ డ్రైవరు దిగి ఎక్కమని బతిమాలాల్సి వచ్చింది.

అధికారి వచ్చేసరికి ఎండ నెత్తికెక్కింది. నకలు తన దగ్గరున్న జాబితాతో పోల్చి చూసుకున్నాడు. పని ఆపమన్నాడు. కూలిన చింత దుంగలకు కొలత తీయించి, పంచనామా రాయించి, స్వాధీనం చేసుకున్నాడు. సాక్షిగా నేను సంతకం పెట్టాను.

వారం తిరక్కుండా రోడ్ల ఆఫీసు 'వివరణ' అదే పేజీలో వచ్చింది. మలుపులోని చెట్లకు అనుమతి కోరలేదని, గీత పొరపాటున పడిందని, ఆ భాగంలో వెడల్పు కాలువ వైపు చేపడతామని. డిజైన్ అయిపోయిందని నాతో అన్న ఆఫీసే ఆ మాట రాసింది.

నేను గెలిచానని ఎవరైనా అంటే ఒప్పుకోను. తూము దాకా ఇప్పుడు ఒక్క చెట్టు లేదు. రోడ్డు బాగుంది, మా ఆయన బస్సు ఊగకుండా పోతుంది, ఆ మాట కూడా దాచను. మలుపులో మాత్రం చింతలు మిగిలాయి. రోడ్డు వాటిని తప్పించుకుని కాలువ వైపు వంపు తిరుగుతుంది.

కొట్టినవాటికి బదులు నాటాల్సిన మొక్కలు ఇంకా రాలేదు. ఎక్కడ నాటారు, నీళ్లెవరు పోస్తున్నారు అని మొన్న మళ్లీ సమాచార హక్కు దరఖాస్తు పెట్టాను. రసీదు ఇస్తూ గుమాస్తా "మళ్లీ వచ్చేరా?" అన్నాడు.

"మొక్కలు కనిపించేదాకా వత్తాను," అన్నాను.