చందా కాదు సర్, స్పాన్సర్‌షిప్

మా ఇంట్ల దండం పెట్టుడు అందరికీ బాగ ఒచ్చు. ఫీజుకు గడువు అడగాలన్నా, కిరాయికి రెండ్రోజులు ఆగుమనాలన్నా, మా అమ్మ ముందుగాల చేతులు జోడిస్తది, తర్వాత నోరు తెరుస్తది. నల్గొండ దిక్కు ఊరి నుంచి ఒచ్చి ఎల్బీనగర్‌ల నిలబడ్డోళ్లం, గా చేతులే మమ్ముల నిలబెట్టినయి. గందుకే కాలేజీ ఫెస్ట్‌కు స్పాన్సర్లను అడిగే లెటర్ రాయాల్సొస్తే నేను అచ్చం గట్లనే రాసిన.

అప్పుడు డిగ్రీ ఆఖరు సంవత్సరం. పైసల్లేక మా కాలేజీల రెండేండ్ల నుంచి ఫెస్ట్ లేదు. మీటింగ్‌ల ప్రిన్సిపాల్ సర్ "హాలు ఇస్త, కరెంటు ఇస్త, పైసా మాత్రం ఇయ్య" అన్నడు. నాకు తిక్క లేసింది. "స్పాన్సర్లను నేను తెస్త సర్" అని లేచి నిలబడ్డ. నా నోరు ఎప్పుడూ గంతే, అది ముందు పోతది, బుద్ధి ఎనకంగ ఒస్తది. స్టేజీ, సౌండ్ పెట్టేటాయన శనివారం సాయంత్రం లోపల అడ్వాన్స్ కావాలన్నడు. అసలే పెండ్లిళ్ల సీజన్, ఇయ్యకుంటే ఆ డేట్ రిసెప్షనోళ్లకు ఇచ్చేస్తనన్నడు. స్టేజీ లేకుంటే ఫెస్ట్ క్యాన్సిల్ అని సర్ తేల్చి చెప్పిండు. జూనియర్లకు ఒచ్చే ఏడన్నా ఉంటది. మాకేముంటది?

నేను రాసిన లెటర్ ఇంగ్లిష్‌ల ఉండె. తెలుగుల చెప్తే గిట్లుంటది: "మాది చిన్న కాలేజీ, మా దగ్గర పైసల్లేవు, పెద్ద మనసు చేసుకొని మీకు తోచినంత సాయం చేసి మమ్ముల ఆదుకోగలరని ప్రాధేయపడుతున్నాం." రాసి మస్తు ఖుషీ అయిన. చదివితే నాకే కండ్లల్ల నీళ్లొచ్చినయి, దుకాణపోళ్లకు రావా అనుకున్న.

రాలే. దిల్‌సుఖ్‌నగర్‌ల షాపు షాపు తిరిగినం. ఒక బట్టల షాపాయన లెటర్ మీద టీ గ్లాస్ పెట్టిండు. ఒక స్వీట్ షాపాయన గల్లాపెట్టె తీసి నూటపదహార్లు చేతుల పెట్టి, "వినాయకునికి ఇచ్చినం, బతుకమ్మకు ఇచ్చినం, ఇప్పుడు మీరా? పోండి బిడ్డా, మంచిగ చదువుకోండి" అని దీవించిండు. నూటపదహార్లు! స్పాన్సర్‌షిప్ అడగబోతే చందా దొరికింది. ఆయనను తిట్టబుద్ధి కాలే, మంచోడే పాపం. నా మీద నాకే కోపమొచ్చింది. గురువారం పొద్దుమూకె దాంక తిరిగినా అడ్వాన్స్‌ల నాలుగో ఒంతు కూడ కాలే. కాళ్లు గుంజుతున్నయి, ఇగ కాలేజీల మొకం ఎట్ల చూపియ్యాలె అని ఒక్కటే గుబులు.

నాతోని తిరిగినోడు మా ఫెస్ట్ కమిటీల ట్రెజరర్, నా క్లాస్‌మేటే. వాళ్లది గుంటూరు వైపు కుటుంబం, వాళ్ల నాన్నకు ఎల్బీనగర్‌ల మొబైల్ షాపు. మెట్రో స్టేషన్ కింద మిరపకాయ బజ్జీ తింటా లెటర్ మళ్లా చదివిండు. "ఇదేంటే తల్లీ, దరఖాస్తా? మా నాన్నకు ఇలాంటివి నెలకు పది వస్తాయి, రెండో లైను దాకా కూడా చదవడు. మనకెంత అవసరమో వాళ్లకెందుకు? వాళ్లకేం వస్తుందో రాయి."

"మనకాడ ఏమున్నదిరా ఇయ్యనీకి?" అన్న.

"పిల్లలున్నారు కదా! ఫైనలియర్ వాళ్లందరూ వచ్చే నెల నుంచి బ్యాంక్ కోచింగ్, గ్రూప్స్ కోచింగ్ అంటూ ఇదే రోడ్డు మీద పడతారు. ఆ కోచింగ్ సెంటర్ల వాళ్లు వీళ్లకోసం స్తంభానికో పోస్టర్ కడుతున్నారు. వీళ్లందరూ ఫెస్ట్ రెండు రోజులూ మన గేటులో ఉంటారు."

నేను బజ్జీ కింద పెట్టిన. ఇంత సోయి నాకెందుకు లేకపాయె?

అక్కడే కూసోని కొత్త లెటర్ రాసినం. మొదటి లైన్ల మా బాధ లేదు. ఫెస్ట్ ఎప్పుడు, ఏయే కాలేజీల నుంచి ఏ కోర్సులోళ్లు ఒస్తరు, అది రాసినం. తర్వాత వాళ్లకు ఏం దొరుకుతదో రాసినం: గేటు కాడ స్టాల్, స్టేజీ బ్యానర్ మీద పేరు, క్విజ్ బహుమతులు వాళ్ల ఫ్యాకల్టీ చేతుల మీద. కోచింగ్ సెంటర్లల్ల ఒక్కరికే చోటు, రెండోది ఉండదు. "తోచినంత" తీసేసి దేనికెంతో రేటు పెట్టినం. చెక్ కాలేజీ పేరు మీద, రసీదు ఇస్తం, అయిపోయినంక ఫొటోలతోని రిపోర్ట్ పంపిస్తం, శుక్రవారం సాయంత్రం లోపల జవాబు చెప్పాలె. నేను మూడువేల మంది ఒస్తరని రాయబోతే వాడు చెయ్యి పట్టిండు. "పోయినసారి ఫెస్ట్ రిజిస్టర్లో ఎంతుందో అంతే రాయి. వాళ్లు అడిగితే చూపించాలి."

తెల్లారి ప్రిన్సిపాల్ సర్ అది చదివి కండ్లద్దాలు తీసిండు. "కోరుతున్నామని లేదు, ప్రార్థిస్తున్నామని లేదు. కాలేజీని అమ్ముతున్నరా? నేను సంతకం పెట్ట." సంతకం, ముద్ర లేని కాయిదం ఎవడు నమ్ముతడు? కాళ్ల మీద పడుదామా అనిపించింది, ఒట్టు. మా ట్రెజరరే అన్నడు, "సర్, మీరు ఈ కమిటీకి స్పాన్సర్లను కలిసే అనుమతి ఉందని వేరేగా రెండు లైన్లు ఇవ్వండి. ఇది మా సంతకాలతో దానికి జతచేస్తాం." సర్ కండ్లద్దాలు మళ్ల పెట్టుకొని, రెండు లైన్లు రాసి ముద్ర కొట్టిండు.

శుక్రవారం మధ్యాహ్నం ఒక కోచింగ్ సెంటర్ మూడో అంతస్తుల మేనేజర్ ముందట కూసున్నం. మా లెటర్ ఆఖరి దాంక చదివిన మొదటి మనిషి ఆయననే. రేటు కాడ ఆగలే. "ఇంకెవరికి ఇచ్చిన్రు ఇది?" అన్నడు.

"ఎవరికీ ఇయ్యలే సర్. మీకే ముందు. మీరు ఒద్దంటే ఎదురు బిల్డింగోళ్లకు ఇస్తం."

ఆయన నవ్విండు. "సరే, ఒక్క పని చెయ్యమ్మా. ఫెస్ట్‌కు పేర్లు రాయించుకున్నోళ్లందరి ఫోన్ నంబర్లు నాకియ్యి. ఇప్పుడే చెక్ రాస్త."

చెక్ బుక్ టేబుల్ మీదనే ఉన్నది. అడ్వాన్స్ కట్టి ఇంకా మిగులుతయి. మాకున్నది ఒక్క రోజు. ఆడపిల్లల నంబర్లు కూడ ఉన్నయి అండ్ల, నన్ను నమ్మి ఇచ్చినయి. "ఇయ్యం సర్," అన్న. "మీ స్టాల్ కాడ ఇష్టమున్నోళ్లు రాసిచ్చినయి మీవి. లెటర్‌ల గంతే ఉన్నది."

"అయితే చూద్దాం" అని ఆయన లెటర్ మడిచి పక్కన పెట్టిండు.

మెట్లు దిగంగనే నా ధైర్యం మొత్తం కారిపోయింది. ఎదురు బిల్డింగ్‌కు పోతే వాళ్ల మేనేజర్ ఊర్ల లేడన్నరు. సాయంత్రమైంది. షేర్ ఆటోలు హయత్‌నగర్, హయత్‌నగర్ అని ఒర్లుతున్నయి, నేను ఫుట్‌పాత్ మీద నిలబడి ఫోన్‌ల మేనేజర్‌కు టైప్ చేస్తున్న: "సర్ ప్లీజ్, మీ కాళ్లు మొక్కుత." మా ట్రెజరర్ చూసి ఫోన్ గుంజుకున్నడు. "పిచ్చా నీకు? అది పంపావంటే మళ్లీ నూటపదహారే!" నేను వాని మీదకు ఒర్రిన. "నీకేంరా, నిలబడి తెస్తనన్నది నేను! రేపు ఇజ్జత్ పోయేది నాది!"

గప్పుడే ఫోన్ మోగింది, వాని చేతుల్నే. మేనేజర్.

"మా ఓనర్ సర్ ఒప్పుకున్నడు. పోయినసారి ఇంకో కాలేజోళ్లు అందరి నంబర్లూ ఇచ్చిన్రు. ఫోన్ చేస్తే తిట్లే తప్ప ఒక్క అడ్మిషన్ రాలే. స్టాల్ కాడికి ఒచ్చినోడైతే ఒస్తడు. రేపు పొద్దున చెక్ తీసుకపో."

నా నోట్లకెళ్లి మా అమ్మే మాట్లాడింది. "సర్, మీ మేలు జన్మల మర్చిపోను సర్, మీకు పుణ్యముంటది..."

"మేలేందమ్మా?" ఆయనకు నిజంగనే సమజ్ కాలే. "స్టాల్ గేటుకు ఏ పక్కన?"

నా బతుకుల నాకు పైసలిచ్చెటోడు ఎవడూ నన్ను తనకు రావాల్సింది గిట్ల అడగలే.

"ఎడమ పక్కన సర్," అన్న. "బండ్లు పెట్టి అందరూ ఆ దిక్కు నుంచే లోపలికి ఒస్తరు." అని చెప్పి, ఫోన్ పెట్టేసి, నడి రోడ్డు మీద బోరున ఏడ్చిన.